అమెరికా షేర్లున్న బయటి దేశం మనిషి చనిపోతే ఎస్టేట్ టాక్స్ ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరి కోసం?

అమెరికా పౌరుడు కాని, అక్కడ స్థిరంగా ఉండని మనిషి పేరు మీద అమెరికా షేర్లో, ఈటీఎఫ్‌లో, ఒక ఫ్లాటో ఉండి, ఆ మనిషి చనిపోతే వెనక ఉన్నవాళ్లకు ఏం జరుగుతుందన్నదే ఇక్కడి విషయం. కొన్నాళ్లు అక్కడ ఉద్యోగం చేసి, కంపెనీ ఇచ్చిన షేర్లు అలాగే ఉంచేసి తిరిగి వచ్చినవాళ్లు, ఇంట్లో కూర్చుని యాప్‌లో కొన్నవాళ్లు, పిల్లల మాట విని డబ్బు అక్కడ పెట్టిన పెద్దవాళ్లు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. కోటీశ్వరుల సంగతి వదిలేయండి, వాళ్లకు లాయర్లు ఉంటారు. లక్ష, రెండు లక్షల డాలర్ల మధ్య ఉన్నవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటున్నారు, ఎందుకంటే ఇలాంటి పన్ను ఒకటి ఉందనే వాళ్లకు తెలియదు.

ఎస్టేట్ టాక్స్, వారసత్వ పన్ను ఒకటేనా?

కాదు. వారసత్వ పన్నును ఆస్తి అందుకున్నవాళ్ల మీద వేస్తారు. కాబట్టి ఎవరికి ఎంత వచ్చింది, చనిపోయినవాళ్లకు వాళ్లు ఏమవుతారు అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. ఎస్టేట్ టాక్స్ చనిపోయిన మనిషి వదిలిన మొత్తం ఆస్తి మీద, పంపకానికి ముందే పడుతుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం వేసేది ఈ రెండోదే. అందుకని ముగ్గురు పిల్లలున్నా ఒక్కడే ఉన్నా పన్ను మారదు, మినహాయింపును తలా ఇంత అని పంచుకోవడం కుదరదు.

మినహాయింపు కోటిన్నర డాలర్ల దాకా ఉంటుందని విన్నానే?

విన్నది నిజమే, కానీ అది మీకు కాదు. 2026లో చనిపోయేవాళ్లకు 1.5 కోట్ల డాలర్లు (2025లో 1.399 కోట్లు) అనే ఆ పెద్ద మినహాయింపు అమెరికా పౌరులకు, అక్కడ స్థిర నివాసం ఉన్నవాళ్లకు. మిగతా ప్రపంచానికి ఇచ్చింది 60,000 డాలర్లు. ఆ పెద్ద అంకె ఏటా ధరలతో పాటు పెరుగుతూ ఉంటుంది, ఈ చిన్న అంకె మాత్రం దశాబ్దాలుగా కదల్లేదు. ఇక్కడ న్యాయం గురించి మాట్లాడుకుని లాభం లేదు, ఓట్లు లేనివాళ్ల మీద వేసే పన్ను ఇది.

ఒక్క ఊరట ఏమిటంటే పౌరులకు ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తినైనా లెక్కలోకి తీసుకుంటారు, బయటివాళ్లకు అమెరికాలో ఉన్నట్టు చట్టం భావించే ఆస్తిని మాత్రమే.

నాకు వర్క్ వీసా ఉంది, లేదా గ్రీన్ కార్డు ఉంది. నేను ఎటు వస్తాను?

ఇక్కడ చాలామంది ఆదాయపు పన్ను పద్ధతిలో రోజులు లెక్కపెట్టుకుని పొరపాటు పడతారు. ఎస్టేట్ టాక్స్‌కు రోజుల లెక్క లేదు. అక్కడ ఉంటూ, ఫలానా అప్పుడు వెళ్లిపోతాననే ఉద్దేశం ఏమీ లేకుండా ఉంటే అక్కడ స్థిర నివాసం ఉన్నట్టే. ఇల్లు ఎక్కడుంది, కుటుంబం ఎక్కడుంది, వీలునామాలో ఏం రాశారు, మళ్లీ వెనక్కి రావడానికి ఏర్పాట్లు చేసుకున్నారా ఇవన్నీ చూసి తేలుస్తారు. గ్రీన్ కార్డు ఒక గట్టి ఆధారమే కానీ అదొక్కటే తేల్చదు, వీసా మీద ఉన్నంత మాత్రాన బయటివాళ్లు అయిపోరు కూడా. ఉద్యోగం వదిలి కుటుంబంతో సహా శాశ్వతంగా తిరిగి వచ్చేసిన మనిషి విషయంలో మాత్రం సాధారణంగా అనుమానం ఉండదు. ఆయనకు 60,000 డాలర్ల లెక్కే.

ఏ ఆస్తులు లెక్కలోకి వస్తాయి?

అక్కడి ఇల్లు, స్థలం వస్తాయి. అక్కడ ఉంచిన కారు, బంగారం లాంటి వస్తువులు వస్తాయి. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. ఊహించనిది షేర్ల సంగతి: అమెరికాలో ఏర్పడిన కంపెనీ షేరు అయితే చాలు, మీరు దాన్ని ఏ దేశంలో కొన్నా, ఏ దేశపు బ్రోకర్ దగ్గర ఉంచినా అది అమెరికా ఆస్తే. అమెరికాలో ఏర్పడిన ఈటీఎఫ్, మ్యూచువల్ ఫండ్ కూడా అంతే, ఆ ఫండ్ లోపల జపాన్ షేర్లున్నా, బాండ్లున్నా సంబంధం లేదు. ఫండ్ లోపల ఏముందో చూసి కొంత భాగం వదిలేసే నిబంధన ఒకటి కొన్నేళ్లు ఉండేది, 2011 చివరితో దాని గడువు తీరిపోయింది. పాత వ్యాసాల్లో ఇంకా కనిపిస్తుంది, నమ్మకండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు దాచిన 401(k) రిటైర్మెంట్ ఖాతా కూడా ఇందులోకే వస్తుంది.

లెక్కలోకి రానివి కూడా ఉన్నాయి. అక్కడ చేసే వ్యాపారానికి సంబంధం లేని మామూలు బ్యాంకు డిపాజిట్ రాదు. చనిపోయిన మనిషి ప్రాణం మీద ఉన్న జీవిత బీమా సొమ్ము రాదు. అమెరికా ప్రభుత్వ బాండ్లు నేరుగా మీ పేరున ఉంటే అవి కూడా చాలావరకు రావు. అదే బాండ్లను అమెరికా ఈటీఎఫ్ ద్వారా కొంటే మాత్రం వస్తాయి, మీ చేతిలో ఉన్నది బాండు కాదు, ఫండ్ షేరు.

బ్రోకర్ ఖాతాలో షేర్లు కొనకుండా ఊరికే పడి ఉన్న నగదును చాలామంది బ్యాంకు డిపాజిట్ లాంటిదే అనుకుంటారు. బ్యాంకుకు ఇచ్చిన ఆ వెసులుబాటు బ్రోకర్‌కు వర్తిస్తుందని ధీమాగా ఉండకండి, లెక్కలో వేసుకోవడమే క్షేమం.

నా ఫండ్ అమెరికాదో కాదో ఎలా తెలుస్తుంది?

స్టేట్‌మెంట్‌లో ప్రతి షేరుకూ పన్నెండు అక్షరాల ఐఎస్ఐఎన్ నంబరు ఉంటుంది, దాని మొదటి రెండు అక్షరాలు చూడండి. US అని ఉంటే మొదట అనుమానించాలి. IE అంటే ఐర్లాండ్, LU అంటే లక్సెంబర్గ్. అవే అమెరికా కంపెనీల షేర్లు కొనే ఐర్లాండ్ ఫండ్‌ను మీరు పట్టుకుంటే, మీ చేతిలో ఉన్నది ఐర్లాండ్ ఆస్తి, ఈ పన్ను దానికి తగలదు. ఒక చిన్న చిక్కు ఉంది: బయటి దేశాల కంపెనీలు అమెరికా మార్కెట్లో పెట్టే డిపాజిటరీ రసీదులకు కూడా US తోనే నంబరు మొదలవుతుంది. అప్పుడు నంబరు కాకుండా అసలు కంపెనీ ఎక్కడ ఏర్పడిందో చూడాలి.

60,000 తీసేసి, మిగిలినదాన్ని శ్లాబుల్లో వేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఆదాయపు పన్నులో మినహాయింపు అంటే ఆ మొత్తాన్ని ముందే తీసేసి, మిగిలినదాన్ని కింది శ్లాబు నుంచి మొదలుపెట్టడం అని మనకు అలవాటు. ఇక్కడ చట్టం అలా రాయలేదు. మొత్తం ఆస్తి మీద, మొదటి డాలర్ నుంచీ, శ్లాబుల ప్రకారం పన్ను కట్టించి, ఆ వచ్చిన పన్నులోంచి 13,000 డాలర్లు తగ్గిస్తారు. ఈ 13,000 ఎక్కడి నుంచి వచ్చిందో శ్లాబులు చూస్తే అర్థమవుతుంది:

- మొదటి 10,000 మీద 18 శాతం
- 10,000 నుంచి 20,000 దాకా 20 శాతం
- 20,000 నుంచి 40,000 దాకా 22 శాతం
- 40,000 నుంచి 60,000 దాకా 24 శాతం
- 60,000 నుంచి 80,000 దాకా 26 శాతం
- 80,000 నుంచి 1,00,000 దాకా 28 శాతం
- 1,00,000 నుంచి 1,50,000 దాకా 30 శాతం
- 1,50,000 నుంచి 2,50,000 దాకా 32 శాతం
- 2,50,000 నుంచి 5,00,000 దాకా 34 శాతం

ఇంకా పైకి వెళితే 37, 39, పది లక్షలు దాటాక 40 శాతం.

మొదటి నాలుగు శ్లాబుల పన్ను కలపండి: 1,800, 2,000, 4,400, 4,800. మొత్తం 13,000. అంటే ఆ తగ్గింపు సరిగ్గా మొదటి 60,000 డాలర్ల పన్నును తుడిచేస్తుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ తుడిచేసింది చౌక శ్లాబులను. 18, 20, 22, 24 శాతం శ్లాబులన్నీ మినహాయింపుకే ఖర్చయిపోయాయి. మీరు నిజంగా పన్ను కట్టే మొదటి డాలర్ 60,001వది, దాని మీద రేటు 26 శాతం. పత్రికల్లో “18 నుంచి 40 శాతం” అని రాస్తారు గానీ ఆ 18 శాతం ఎవరికీ అందదు, కాగితం మీద మాత్రమే ఉంటుంది.

మినహాయింపు పై నుంచి తీస్తారా, కింద నుంచి తీస్తారా అన్నది చిన్న ఆస్తులకే పెద్ద తేడా చేస్తుంది. కోట్ల ఆస్తిలో ఎలా తీసినా తేడా కనిపించదు, ఎందుకంటే వాళ్లకు ఎక్కువ భాగం చివరి శ్లాబులోనే ఉంటుంది.

ఒక పూర్తి లెక్క చేసి చూపిస్తారా?

చూద్దాం. ఒకాయన అమెరికా బయట ఉంటూ చనిపోయారు. పౌరుడు కాదు, ఆయన దేశానికి అమెరికాతో ఎస్టేట్ టాక్స్ ఒప్పందం లేదు. ఆయన పేరున అమెరికా షేర్లు, ఈటీఎఫ్‌లు కలిపి చనిపోయిన రోజు విలువ 1,80,000 డాలర్లు. ఇవి కాక సొంత దేశంలో ఇల్లు, డిపాజిట్లు, అమెరికా బ్యాంకులో కొంత సొమ్ము అన్నీ కలిపి 4,20,000. ప్రపంచవ్యాప్తంగా మొత్తం 6,00,000. అంత్యక్రియల ఖర్చు, లాయరు ఫీజు, తీర్చాల్సిన అప్పు కలిపి 40,000.

ముందు ఖర్చుల సంగతి. 40,000 మొత్తం తీసేయనివ్వరు. అమెరికా ఆస్తి మొత్తం ఆస్తిలో ఎంత వాటానో అంత వాటా ఖర్చే తీసుకోవాలి. 6,00,000లో 1,80,000 అంటే 30 శాతం, కాబట్టి 40,000లో 12,000 తగ్గుతుంది. పన్ను పడే మొత్తం 1,68,000.

ఇప్పుడు శ్లాబులు. 1,50,000 దాకా పన్ను 38,800. మిగిలిన 18,000 మీద 32 శాతం, 5,760. కలిపితే 44,560. అందులోంచి 13,000 తీసేస్తే కట్టాల్సింది 31,560 డాలర్లు.

సరిచూసుకోవాలంటే 60,000 పైనుంచి ఎక్కండి: 5,200, 5,600, 15,000, 5,760. కలిపితే అదే 31,560 వస్తుంది. రాకపోతే ఎక్కడో శ్లాబు జారింది.

అదే అలవాటు ప్రకారం 1,68,000లోంచి 60,000 తీసేసి, మిగిలిన 1,08,000ను మొదటి శ్లాబు నుంచి వేసి ఉంటే 26,200 వచ్చేది. అంటే 5,360 డాలర్లు తక్కువ కట్టి, ఆ తర్వాత వడ్డీతో సహా కట్టాల్సి వచ్చేది.

ఇక్కడ మూడు రేట్లు తిరుగుతున్నాయి, వాటిని కలిపేసుకోకండి. చివరి డాలర్ మీద రేటు 32 శాతం. 1,80,000 షేర్లలో పన్నుకు పోయింది దాదాపు 17.5 శాతం. మొత్తం 6,00,000 ఆస్తిలో చూస్తే 5.3 శాతం దగ్గర. షేర్లు అమ్మాలా, మార్చాలా అని ఆలోచించేటప్పుడు పనికొచ్చేది మొదటిదే: ఇంకో 10,000 డాలర్ల అమెరికా షేర్లు కొంటే, మీరు పోయాక అందులో 3,200 పోతుంది.

ఖర్చులు తగ్గించుకోవాలంటే మిగతా ఆస్తులన్నీ చెప్పాలా?

చెప్పాలి. వాటా లెక్క తేలాలంటే ప్రపంచవ్యాప్త ఆస్తి ఎంతో వాళ్లకు కాగితాలతో చూపించాలి. చెప్పడం ఇష్టం లేకపోతే తగ్గింపు వదులుకోవచ్చు, అది మీ ఇష్టం. పైన చెప్పిన ఆయన విషయంలో వదులుకుంటే పన్ను 35,400 అవుతుంది, 3,840 డాలర్లు ఎక్కువ. కొన్ని కుటుంబాలు ఆ మాత్రం పోతే పోనీ అనుకుంటాయి, ఎందుకంటే సొంత దేశంలో ఇంటికి విలువ కట్టించి, ఆ కాగితాలు ఇంగ్లిష్‌లోకి మార్పించి పంపడానికి అయ్యే ఖర్చూ తలనొప్పీ తక్కువేమీ కాదు. అప్పులు పెద్దవైతే మాత్రం వదులుకోకండి.

60,000 కన్నా ఒక్క వెయ్యి ఎక్కువైతే మొత్తం మీద పన్ను పడుతుందా?

పడదు. 61,000 అయితే ఆ పై వెయ్యి మీదే, 260 డాలర్లు. గీత దాటగానే కింద పడే గొయ్యి ఇందులో లేదు.

కానీ ఆ గీత ఇంకో చోట దెబ్బ తీస్తుంది. పన్నుకు ఖర్చులు పోను మిగిలింది చూస్తారు, రిటర్న్ వేయాలా వద్దా అన్నదానికి ఖర్చులు తీయకముందు విలువ చూస్తారు. షేర్లు 64,000, తగ్గే ఖర్చు 5,000 అనుకోండి. పన్ను పడే మొత్తం 59,000, పన్ను సున్నా. అయినా రిటర్న్ వేయాల్సిందే. “పన్ను లేదు కదా, ఎందుకు వేయడం” అని ఊరుకున్నవాళ్లు తర్వాత బ్రోకర్ దగ్గర ఇరుక్కుంటారు.

ఏ రోజు ధర తీసుకోవాలి?

చనిపోయిన రోజుది. అది కూడా ముగింపు ధర కాదు, ఆ రోజు అత్యధిక ధర, అత్యల్ప ధరల సగటు. షేరు ఆ రోజు 104 దాకా ఎక్కి 100 దాకా దిగితే 102 వేయాలి. శనివారమో ఆదివారమో పోతే దానికి ముందు మార్కెట్ నడిచిన రోజు సగటు, తర్వాత నడిచిన రోజు సగటు రెండూ తీసుకుని మధ్యలో పడే విలువ కట్టాలి. బ్రోకర్ స్టేట్‌మెంట్ నెలాఖరు ధర చూపిస్తుంది, దాన్ని ఎత్తి రాసేస్తే తప్పు.

కొన్న ధరకు ఇక్కడ పని లేదు. ఇరవై వేలకు కొన్నది లక్ష అయితే లక్షే లెక్క.

పోయిన తర్వాత మార్కెట్ పడిపోతే, ఆరు నెలల తర్వాతి విలువ తీసుకోవడానికి కూడా దారి ఉంది, ఆస్తి విలువా పన్నూ రెండూ తగ్గితేనే. ఏరుకోవడం కుదరదు, అన్ని ఆస్తులకూ అదే తేదీ వర్తిస్తుంది, మధ్యలో అమ్మేసినవాటికి అమ్మిన రోజు విలువ.

ఖాతా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంది, సగమే లెక్క కదా?

బతికున్నవాళ్లు అమెరికా పౌరులైతే సగం, పైగా వాళ్లకు వెళ్లేదాని మీద పన్నే ఉండదు. పౌరులు కాకపోతే కథ తిరగబడుతుంది. మొదట పోయినవాళ్ల ఆస్తిలో మొత్తం ఖాతాను వేస్తారు, అందులో ఇంత సొమ్ము నేను పెట్టాను అని బతికున్నవాళ్లు రుజువు చూపిస్తే ఆ మేరకే తగ్గిస్తారు. డబ్బంతా ఆయన జీతంలోంచి పోయిందని బ్యాంకు కాగితాల్లో ఉంటే ఆవిడ పేరు పక్కన ఉండటం వల్ల ఉపయోగం లేదు. ఆవిడ సొంత సొమ్ము పెట్టి ఉంటే ఆ బదిలీ కాగితాలు ఇప్పుడే తీసి దాచుకోండి, పదేళ్ల తర్వాత బ్యాంకును అడిగితే దొరకవు.

పౌరులు కాని భార్యకో భర్తకో వెళ్లే ఆస్తి మీద పన్ను వాయిదా వేయించే ప్రత్యేక ట్రస్టు ఒకటి ఉంది. దానికి అమెరికా ట్రస్టీ కావాలి, నడపడానికి ఏటా ఖర్చు ఉంటుంది. లక్షా రెండు లక్షల ఆస్తికి అది ఈగను కొట్టడానికి గొడ్డలి తెచ్చినట్టు.

నామినీ పేరు రాశాను, ఇంకేం కావాలి?

నామినీ రాస్తే ఆస్తి ఎవరి చేతికి వెళుతుందో తేలుతుంది. పన్ను అలాగే ఉంటుంది.

పాస్‌వర్డ్ మా దగ్గర ఉంది. చనిపోయాక లాగిన్ అయి అమ్మేసి డబ్బు తెచ్చుకుంటే?

చాలా ఇళ్లలో మొదట వచ్చే ఆలోచన ఇదే, ఎవరూ పైకి ఒప్పుకోరు. పన్ను ఎంత, ఏ ఆస్తి మీద అన్నది ఆయన చివరి శ్వాసతోనే స్థిరపడిపోయింది. తర్వాత అమ్మినా, బ్యాంకులోకి మార్చినా అది మారదు. పైగా ఆస్తి వ్యవహారాలు తేల్చే ఎగ్జిక్యూటర్ అధికారికంగా ఎవరూ లేకపోతే ఆస్తి ఎవరి చేతిలో ఉంటే వాళ్లనే ఎగ్జిక్యూటర్‌గా చట్టం చూస్తుంది. పన్ను కట్టకుండా పంచేస్తే ఆ బాకీ మీ సొంత మెడకు చుట్టుకోవచ్చు. బ్రోకర్ దగ్గర చనిపోయిన మనిషి పేరుతో లావాదేవీ చేయడం ఇంకో తప్పు. నాకు తెలిసిన ఒక కుటుంబం సగం అమ్మాక, మిగతా సగం కోసం మరణ ధ్రువీకరణ పత్రం పంపింది. పత్రంలోని తేదీ చూడగానే ఆ సగం అమ్మకాలన్నీ బయటపడ్డాయి, ఖాతా స్తంభించింది, వాళ్లు సంజాయిషీలు రాయడంలోనే ఏడాది గడిపారు.

అసలు పద్ధతి ఏమిటి?

ముందు బ్రోకర్‌కు చెప్పడం, ఖాతా ఆగిపోతుంది. చనిపోయిన రోజుకు విలువల పట్టిక అడగండి, అడిగితే ఇస్తారు. 60,000 లోపే అయితే సాధారణంగా ప్రమాణపత్రం, మరణ పత్రం, వారసత్వ కాగితాలతో పని అయిపోతుంది.

దాటితే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు ఫారం 706-NA వేయాలి. గడువు చనిపోయిన రోజు నుంచి 9 నెలలు. ఫారం 4768 వేస్తే ఇంకో 6 నెలలు వస్తుంది, కానీ అది కాగితాలకు ఇచ్చిన గడువు. పన్ను సొమ్ముకు వడ్డీ తొమ్మిది నెలలు నిండినప్పటి నుంచే మొదలవుతుంది. రిటర్న్ ఆలస్యమైతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా, అది కట్టాల్సిన పన్ను మీద. మన ఉదాహరణలో ఒక్క నెల ఆలస్యం అంటే 1,578 డాలర్లు. మరణ పత్రం, వీలునామా ఉంటే దాని నకలు, వాటికి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

రిటర్న్ చూసి, పన్ను అందాక ఐఆర్ఎస్ ఒక బదిలీ ధ్రువపత్రం ఇస్తుంది, ఫారం 5173. బ్రోకర్ ఎదురుచూసేది దాని కోసమే. అది లేకుండా షేర్లు వదిలితే ఆ పన్నుకు తాను బాధ్యుడవుతాడని అతని భయం. ఆ కాగితం రావడానికి నెలల తరబడి పడుతుంది. ఇక్కడే అసలు ముడి: షేర్లు వదలరు, పన్ను మాత్రం తొమ్మిది నెలల్లో కట్టాలి. 31,560 డాలర్లను కుటుంబం వేరే చోటి నుంచి సర్దుకోవాలి. ఇది ముందే తెలిస్తే, పన్ను లెక్కలోకి రాని అమెరికా బ్యాంకు డిపాజిట్‌లోనో, జీవిత బీమాలోనో ఆ మేరకు ఏర్పాటు చేసుకోవచ్చు.

ఒప్పందం ఉన్న దేశమైతే తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, కెనడా లాంటి కొద్ది దేశాలకే ఈ ఒప్పందాలు ఉన్నాయి. ఉదాహరణకు కెనడా ఒప్పందం ఆ పెద్ద మినహాయింపులో, అమెరికా ఆస్తి వాటా ఎంతో అంత వాటా ఇస్తుంది. మన ఉదాహరణలోలా 30 శాతం వాటా అంటే పన్ను సున్నా అయిపోతుంది. రిటర్న్ మాత్రం వేసి, ఒప్పందం ప్రకారం అడగాలి.

భారత్‌కు అలాంటి ఒప్పందం లేదు. రెండు దేశాల మధ్య ఉన్నది ఆదాయపు పన్ను ఒప్పందం, అది ఇక్కడ అక్కరకు రాదు. భారత్‌లో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు కాబట్టి అమెరికాలో కట్టినదాన్ని తగ్గించుకోవడానికి అక్కడ అలాంటి పన్నే లేదు.

బతికుండగా ఏం చేయొచ్చు?

అమెరికా ఆస్తిని 60,000 లోపు ఉంచడం, మిగతాది ఐర్లాండ్ లాంటి చోట ఏర్పడిన ఫండ్‌లోకి మార్చడం అన్నిటికన్నా సులువైన దారి. అమ్మేటప్పుడు మీ దేశంలో లాభం మీద పన్ను పడొచ్చు, దాన్ని 26 నుంచి 32 శాతంతో పోల్చి చూసుకోండి.

రెండో దారి బహుమతి. బయటివాళ్లు అమెరికా షేర్లను బతికుండగా ఎవరికైనా ఇస్తే అమెరికా గిఫ్ట్ టాక్స్ పడదు, ఇల్లు, వస్తువులు ఇస్తే పడుతుంది. అయితే ఇవ్వడం అంటే నిజంగా ఇవ్వాలి. పేరు మార్చి డివిడెండ్ మీరే తీసుకుంటూ, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి లాక్కునే హక్కు ఉంచుకుంటే అది మీ ఆస్తిగానే లెక్కకు వస్తుంది. అన్నీ ఒకే బిడ్డ పేరున వేస్తే ఆ బిడ్డ 60,000 దాటుతుంది, అది కూడా చూసుకోవాలి. భార్యాభర్తలు చెరో వేరే ఖాతాలో, ఎవరి సొమ్ముతో వాళ్లు కొనుక్కుంటే ఇద్దరికీ చెరో 60,000 దొరుకుతుంది.

పన్ను కట్టాక వారసులు ఆ షేర్లు అమ్మితే అమెరికా లెక్కలో కొన్న ధర ఏది?

చనిపోయిన రోజు విలువే కొత్త కొనుగోలు ధర. ఇరవై వేలకు కొన్నది ఆ రోజు లక్ష ఉంటే, లక్ష నుంచే లాభం లెక్క. బతికుండగా బహుమతిగా ఇస్తే పాత ఇరవై వేలే వెంట వస్తుంది. 401(k)కి మాత్రం ఈ ధర మార్పు లేదు, అందులోంచి తీసే సొమ్ము వారసులకు ఆదాయమే. మీ సొంత దేశపు నిబంధన వేరేలా ఉండొచ్చు, అక్కడ చాలాచోట్ల అసలు కొన్నవాళ్ల ధరే అడుగుతారు, కాబట్టి పాత కొనుగోలు రసీదులు పారేయకండి.